విదేశీ కరెన్సీ ఖాతా: లేసు అమ్మకాల్లో మేము నేర్చుకున్న లెక్క

(వార్షిక మహాసభలో లేసు అమ్మకాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన లేసు ఆన్‌లైన్‌లో పరదేశానికి అమ్ముడుపోతోందని అందరికీ తెలుసు. కానీ చాలామంది అక్కలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "బిల్లు మీద ఐదొందల యూరోలు అని రాశారు, మన చేతికి వచ్చేసరికి లెక్క తగ్గిందేమిటి?" ఆ ప్రశ్నకి మొదట్లో మా దగ్గర కూడా జవాబు లేదు. ఇప్పుడు ఉంది, అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి బజారు రేటు డాలరుకి 90 రూపాయలు, యూరోకి 1.10 డాలర్లు అనుకుందాం. అంటే యూరోకి 99 రూపాయలు. జర్మనీ నుంచి ఒకామె టేబుల్ క్లాత్‌లు కొని 500 యూరోలు కట్టింది. బజారు రేటు ప్రకారం అది 49,500 రూపాయలు.

మన దుకాణం ఖాతాలో డాలరు ఒక్కటే పెట్టుకున్నాం. అందుకని అమ్మకాల వేదిక ఆ యూరోలను తనే డాలర్లుగా మార్చింది. మార్చినందుకు రెండున్నర శాతం తగ్గించుకుంది. 550 డాలర్లు రావాల్సింది 536.25 వచ్చాయి. ఆ డాలర్లు బ్యాంకుకి వచ్చాక, బ్యాంకు తన రేటుకి రూపాయలు చేసింది. బ్యాంకు రేటు బజారు కంటే రెండు శాతం తక్కువ అనుకుంటే డాలరుకి 88.20. చేతికి వచ్చింది 47,297 రూపాయలు. రెండు వేల రెండు వందల పైచిలుకు దారిలోనే పోయింది. విడిగా ఎక్కడా "ఫీజు" అని రాసి లేదు. రేటులోనే కలిసిపోయింది.

అదే యూరోలను యూరోలుగానే బ్యాంకు దాకా రానిచ్చి, అక్కడ ఒక్కసారే రూపాయలు చేస్తే? అదే రెండు శాతం తగ్గింపుతో యూరోకి 97.02, మొత్తం 48,510 రూపాయలు. తేడా పన్నెండు వందల రూపాయలు. ఒక్క ఆర్డరు మీద అంత పోతే, అది కుట్టిన చేతుల కూలి ఎన్ని రోజులదో మీరే లెక్క కట్టుకోండి. మేము నేర్చుకున్న మొదటి మాట ఇదే: డబ్బు ఒక్కసారే మారాలి, రెండుసార్లు మారకూడదు.

ఇక్కడే రకరకాల కరెన్సీలు విడివిడిగా ఉంచుకునే ఖాతా పనికొస్తుంది. మన దేశంలో ఎగుమతిదారులకి బ్యాంకులో దొరికేది ఈఈఎఫ్‌సీ ఖాతా. విదేశీ మారకం సంపాదించినవాళ్లు ఆ డబ్బును రూపాయలు చేయకుండా ఉంచుకునే కరెంటు ఖాతా అది. వచ్చిన విదేశీ సొమ్ము మొత్తం అందులో జమ చేసుకోవచ్చు. డాలర్లకి ఒక ఖాతా, యూరోలకి ఒక ఖాతా, పౌండ్లకి ఒక ఖాతా తెరుస్తారు. కరెంటు ఖాతా కాబట్టి వడ్డీ రాదు.

దీనికి ఒక గడువు ఉంది, అది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒక నెలలో జమైన సొమ్మును, వచ్చే నెల చివరి తేదీ లోపల రూపాయలు చేసేయాలి. ముందే ఒప్పుకున్న చెల్లింపులకి, అనుమతి ఉన్న ఖర్చులకి వాడింది తీసేసి మిగిలినదానికి ఈ నియమం. ఆగస్టు 3న వచ్చినవీ, ఆగస్టు 29న వచ్చినవీ, రెండిటికీ గడువు సెప్టెంబరు 30. అంటే "డాలరు రేటు పెరిగేదాకా దాచుకుందాం" అనే ఆటకి ఈ ఖాతా పనికిరాదు. ఇంకొకటి, ఒకసారి రూపాయలు చేశాక వాటిని మళ్లీ విదేశీ కరెన్సీ చేసి ఈ ఖాతాలో వేసుకోవడానికి కుదరదు. అందుకని మార్చే ముందు ఒకసారి ఆగి, దేనికి ఎంత అవసరం ఉందో చూసుకోవాలి.

అవసరం ఏముంటుంది అంటారా? ఒకటి, తిరుగు డబ్బు. మా ఆర్డర్లలో సైజు సరిపోలేదని సరుకు వెనక్కి పంపినవాళ్లు ఉన్నారు. 100 యూరోలు తిరిగివ్వాలనుకోండి. మేము అప్పటికే యూరోకి 97.02 చొప్పున రూపాయలు చేసేశాం. ఇప్పుడు తిరిగివ్వాలంటే బ్యాంకు దగ్గర యూరోలు కొనాలి, కొనే రేటు బజారు కంటే రెండు శాతం ఎక్కువ, 100.98. వంద యూరోల మీద 396 రూపాయలు ఊరికే పోయాయి, అమ్మకం ఎలాగూ పోయింది. సరుకు వెనక్కి పంపే గడువు పూర్తయ్యేదాకా ఆ ఆర్డరు సొమ్ము యూరోల్లోనే ఉంటే, బ్యాంకుకి కాగితాలు చూపించి అందులోంచే తిరిగివ్వచ్చు, మార్పిడి నష్టం ఉండదు. నెలాఖరు గడువు, సరుకు వాపసు గడువు, రెండూ పక్కపక్కన రాసుకుని చూడాలి.

రెండోది, "మన ఖాతాల మధ్యే మార్చుకుంటున్నాం కదా, ఖర్చేముంటుంది" అనుకోవడం. యూరో ఖాతాలోంచి డాలరు ఖాతాకి మార్చినా అది మార్పిడే. యూరోలు బ్యాంకు కొంటుంది, డాలర్లు బ్యాంకు అమ్ముతుంది, కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య తేడా మన మీదే పడుతుంది. ఆ కరెన్సీలో కట్టాల్సిన బిల్లు ఏదైనా ఉంటే తప్ప, లోపల్లోపల మార్పులు చేయొద్దని మేము తీర్మానించుకున్నాం.

మూడోది, చిన్నచిన్నగా మార్చడం. మార్పిడి సేవ మీద జీఎస్టీ ఉంటుంది. లక్ష రూపాయల లోపు మార్పిడికి, ఆ మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుంటారు. ఎంత చిన్నదైనా ఆ విలువ 250 రూపాయలకి తగ్గదు. దాని మీద 18 శాతం పన్ను, అంటే కనీసం 45 రూపాయలు. వంద డాలర్లు చొప్పున ఐదుసార్లు మారిస్తే 225 రూపాయలు పన్నే పోతుంది. ఐదొందల డాలర్లు కలిపి ఒకేసారి మారిస్తే 81 రూపాయలు. అందుకని గడువు దాటకుండా, సొమ్ము పోగేసి నెలకి ఒక్కసారి మార్చండి. దీనికి తోడు, విదేశీ బ్యాంకు నుంచి నేరుగా పంపిన డబ్బులోంచి మధ్య బ్యాంకులు కొంత కోసుకుంటాయి. ఆ కోత సొమ్ము ఎంతైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి, చిన్న మొత్తాలకి అది ఎక్కువ దెబ్బ. ఖర్చు ఎవరిదో కొనేవాళ్లతో బిల్లులోనే రాసుకోండి.

ఇవన్నీ ఉన్నాక కూడా అసలు మోసపోయామా లేదా ఎలా తెలుస్తుంది? మేము ప్రతి ఆర్డరుకి ఒక భాగహారం చేస్తాం. చేతికి వచ్చిన రూపాయలను బిల్లు మీద రాసిన డాలర్లతో భాగిస్తాం. వచ్చిన అంకెని, ఆ రోజు ఎఫ్‌బీఐఎల్ ప్రకటించిన రిఫరెన్స్ రేటు పక్కన పెడతాం. పని దినాల్లో మధ్యాహ్నం డాలరు, యూరో, పౌండు, యెన్ రేట్లు వస్తాయి. తేడానే మన అసలు ఖర్చు. రెండు రూపాయల కంటే తేడా ఎక్కువుంటే బ్యాంకుకి వెళ్లి అడుగుతాం. "కార్డు రేటు ఇచ్చారా, ప్రత్యేక రేటు ఇచ్చారా" అని అడిగితే మేనేజరు గారు కొంచెం తగ్గించిన సందర్భాలు ఉన్నాయి. అడగకపోతే మాత్రం ఎవరూ తమంతట తాము తగ్గించరు.

ఇంకొక మాట. అమ్మకాల వేదిక డబ్బును రూపాయల్లోనే పంపుతానంటే, విదేశీ ఖాతా తెరిచి ఉపయోగం లేదు. ముందు వేదిక సెట్టింగుల్లో "ఆటోమేటిక్ కన్వర్షన్" ఉందా, దాన్ని ఆపే వీలుందా చూడండి. అమెరికా ఖాతా నంబరు, యూరోపు ఖాతా నంబరు ఇచ్చి డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థలు కూడా ఉన్నాయి. వాటికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉందా, మార్పిడికి ఎంత తీసుకుంటాయి, మన పేరు మీద సొమ్ము వచ్చినట్టు కాగితం ఇస్తాయా, ఈ మూడూ అడిగాకే నంబరు తీసుకోవాలి.

చివరిగా మా తప్పు చెబుతాం, దాచి లాభం లేదు. మొదటి ఏడాది మా సభ్యురాలి అల్లుడు అమెరికాలో ఉన్నాడని, కొన్న వాళ్లని అతని ఖాతాకి కట్టమన్నాం. "డాలర్లు అక్కడే ఉంచుకుని, రేటు బాగున్నప్పుడు పంపుతా అత్తయ్యా" అన్నాడు. పాపం మంచి మనసుతోనే అన్నాడు. రేటు బాగున్నప్పుడే పంపాడు కూడా. కానీ ఆ డబ్బు కుటుంబ పోషణ పద్దు కింద, P1301 కోడుతో వచ్చింది. మన సరుకు మాత్రం తపాలా ద్వారా ఎగుమతి పత్రంతో వెళ్లింది. బ్యాంకు ఈడీపీఎంఎస్ పద్దులో "సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు" అని తెరిచే ఉండిపోయింది. సరుకు డబ్బు ముందుగా వస్తే P0103, సరుకు వెళ్లాక వస్తే P0102 అని రావాలని అప్పుడు తెలిసింది. బిల్లులు, తపాలా రశీదులు, అల్లుడి ఖాతా వివరాలు తీసుకుని బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాం. రేటులో మిగిలిందంతా ఆటోల ఖర్చుకి పోయింది. పద్దు మూయకపోతే మన ఎగుమతి కోడు మీదే మచ్చ పడేది, మరుసటి ఆర్డర్లే ఆగిపోయేవి. బంధువుల ఖాతా ఎంత దగ్గరి వాళ్లదైనా సరే, ఎగుమతి సొమ్ము అందులోకి వద్దు. సంఘం పేరుతో వెళ్లిన సరుకుకి సంఘం ఖాతాకే డబ్బు రావాలి.

ఇప్పుడు మా రిజిస్టరులో ఒక్కో ఆర్డరుకి ఒక వరుస ఉంది: బిల్లు కరెన్సీ, వచ్చిన తేదీ, మార్చాల్సిన ఆఖరి తేదీ, సరుకు వాపసు గడువు, మారిన రేటు, రిఫరెన్స్ రేటు, కోడు. ఆ పుస్తకం సమాఖ్య కార్యాలయంలోనే ఉంటుంది. ఏ సంఘం అక్క వచ్చి అడిగినా చూపిస్తాం. "ఐదొందల యూరోలు ఎక్కడ తగ్గాయి" అని ఎవరు అడిగినా, వరుస మీద వేలు పెట్టి చూపించగలం.