పేరునుబట్టి తెలియనివారికి మారుజాబు



మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో పెంచలయ్య యనిన పురుషుడు, పెంచలమ్మ యనిన స్త్రీ. ఇందు సందేహము లేదు. కాని రత్నము, మాణిక్యము వంటి పేళ్లు ఇరువురకును గలవు. "సి. మాణిక్యము, ఆత్మకూరు" అను సంతకముతో మన గ్రంథాలయమునకు శుభాకాంక్షల జాబొకటి వచ్చినదనుకొందము. బదులు వ్రాయువారు అలవాటు చొప్పున పేరునకు ముందు "శ్రీ" చేర్చి, "అయ్యా" యని మొదలిడుదురు. ఆ మాణిక్యము స్త్రీయైనచో, ఆమె పలికిన మంచిమాటకు మన బదులు వేరెవరికో చెప్పినట్లగును. "శ్రీమతి" యనుటయు ఊహయే. అది వివాహమును గూడ ఊహించును.

ఇందులకు వాకబు చేయనక్కరలేదు. మన వ్యాకరణమే దారి చూపుచున్నది. ఏకవచనమున పురుషుడు "పంపినాడు", స్త్రీ "పంపినది" అని వేరుపడుదురు. బహువచనమున ఇరువురును "పంపినారు" అనుచోట కలియుదురు. గౌరవమునకు మనము వాడునదియు ఈ బహువచనమే. "మీరు", "గారు" అను మాటలకును ఆ భేదము లేదు. కావున ఇట్లు వ్రాయవచ్చును:

"మాణిక్యము గారికి నమస్కారములు. మీరు దయతో పంపిన జాబు అందినది. మీకు మా కృతజ్ఞతలు."

సంచికలో అచ్చువేయునప్పుడు "మాణిక్యముగారు శుభాకాంక్షలు పంపినారు" అనిన చాలును.

ఒక్క జాగ్రత్త. "సోదరులు" వంటి మాట యొకటి చొరబడినను ఈ శ్రమ వృథా. వారే మరొక జాబున "ఉపాధ్యాయురాలను" అని వ్రాసికొనినచో, నాటినుండి మనమును అట్లే వ్రాయవలెను. అంతవరకు పేరు, గారు, మీరు: ఈ మూడును చాలును.