గుడికి దారి ఇస్తరట, మరి అడవి సంగతేంది?



పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. లోపల రామలింగేశ్వర స్వామి గుడి. మీలో చాలామంది చిన్నప్పుడు జాతరకు పోయే ఉంటరు. ఆ అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళానికి ఇచ్చిన్రు. సముద్రం అడుగున ఉండే జలాంతర్గాములకు సందేశాలు పంపే స్టేషన్ కడతరు. మనోళ్లు రాడార్ స్టేషన్ అంటున్నరు. 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన కూడా అయిపోయింది.

ఎవరు ప్రశ్నించినా ఒక్కటే జవాబు వస్తది: "గుడికి ఏం కాదు, భక్తులు వచ్చి పోవచ్చు." ఈ మాట అబద్ధమని నేను అనను. కానీ ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం. గుడి ఒక వస్తువు, చుట్టూ ఉన్నదంతా ఖాళీ జాగ అనే లెక్క దాని వెనుక ఉంది. మన వారసత్వ చట్టం లెక్క కూడా అదే.

1958 నాటి పురాతన కట్టడాల చట్టం తీసి చదవండి. కట్టడం అంటే ఏందో చెప్తూ, పక్కనున్న భూమిని కూడా కలుపుతది. ఎంత భూమి? కంచె వెయ్యడానికో, పైన కప్పడానికో, ఇంకో తీరుగ ఆ కట్టడాన్ని కాపాడటానికో అవసరమైనంత. ఇంకా అక్కడికి పోయే దారి. అంతే. అంటే చుట్టుపక్కల భూమికి సొంత విలువ లేదు, రాయిని కాపాడే పని ఒక్కటే దానికుంది. 2010 సవరణలో దూరాలు కూడా రాసిన్రు: రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతితో.

దామగుండం గుడి ఆ జాబితాలో ఉందనే అనుకుందాం. గుడి నడుమ నుంచి 300 మీటర్ల గుండ్రం గీయండి. దాదాపు 70 ఎకరాలు వస్తది. 2,900లో 70. ఆ 70లో కూడా చట్టం చూసేది కట్టుబడినీ, తవ్వకాన్నీ. మేకలు ఎక్కడ మేస్తయి, నీళ్లు ఎటు పారుతయి అనేది దాని లెక్కలో లేదు. పైగా ఆ 100 మీటర్లలో పేదోడి ఇల్లు ఉంటే, ఇంకో గది వేసుకోవడానికి కూడా వీల్లేదు. రిపేరుకైనా అనుమతి పత్రం కావాలి.

ఇంకో తీరు కూడా ఉంది. 1992లో యునెస్కో "సాంస్కృతిక భూదృశ్యం" అనే వర్గం పెట్టింది. మనిషీ, భూమీ కలిసి తయారుచేసుకున్న చోటు అని దానర్థం. అందులో ఒక రకానికి కట్టడమే అక్కర్లేదు. జనం ఆ గుట్టను, ఆ నీళ్లను దేవుడిగా చూస్తే చాలు. మధ్యప్రదేశ్ భీంబేట్కా చూడండి. 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు బొమ్మలున్న గుహల వరకే గీత గీయలే. 1,893 హెక్టార్లు లోపల, ఇంకో 10,280 హెక్టార్లు చుట్టూ. పక్కనున్న 21 ఊర్ల జనం బతికే తీరుకూ, ఆ రాతి బొమ్మలకూ పోలిక ఉందని కూడా రాసిన్రు.

మన దేశ చట్టంలో ఇట్లాంటి వర్గం లేదు. భూమిని కలిపి చూసుడు ప్రభుత్వానికి రాదా అంటే, వస్తది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు ఇచ్చిన్రు. గింజ ఒక్కదాన్నే చూసి ఇయ్యలే. ఈ నల్లరేగడి, కింద ఉన్న సున్నపురాయి, ఇక్కడ పండితేనే ఆ రుచి అని ఒప్పుకున్నరు. కందికి దొరికిన న్యాయం గుట్టకు దొరకలే.

తండాల సీత్లా పండుగ తీసుకోండి. తండా బయట చెట్టు కింద ఏడు రాళ్లు, ఏడుగురు తల్లులు. మేకలను, పశువులను ఆ రాళ్ల మీదుగా తోలుతరు. జాబితాలో రాయమంటే ఏం రాస్తరు? ఏడు రాళ్లు. కానీ మేత బీడు పోతే మందలు పోతయి, మందలు లేకుంటే ఆ రాళ్ల మీదుగా తోలేదేంది? రాళ్లు మాత్రం భద్రంగనే ఉంటయి.

ఇప్పుడు పని సంగతి. వికారాబాద్ ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు, కాబట్టి పీసా చట్టం ఇక్కడికి రాదు. 2006 అటవీ హక్కుల చట్టం వస్తది. సామూహిక హక్కులకు ఫారం-బి, సామూహిక అటవీ వనరులకు ఫారం-సి. పవిత్రమైన చెట్లు, దేవుడి వనాలు, కుంటలు, బొందలగడ్డలు కూడా ఆధారాలేనని దాని నియమాల్లోనే ఉంది. ఒకటికి మించి ఆధారాలు పెట్టాలె. పెద్దమనుషులు చెప్పింది రాసి పెట్టినా ఆధారమే, కాకపోతే చెప్పేటోళ్లు దరఖాస్తుదారు కాకూడదు.

మనం చేసే తప్పు ఒకటుంది. సర్వేకు వచ్చినాయన "మీ దేవుడు ఎక్కడ?" అని అడుగుతడు. మనం గుడి చూపిస్తం. ఆయన మ్యాపులో ఒక చుక్క పెట్టుకుంటడు. ఆ చుక్క తప్ప మిగిలిందంతా ఖాళీ కింద లెక్క. అందుకే చుక్క పెట్టనియ్యకండి, ముందు ఆయనను నడిపియ్యండి. మంద పోయే బాట, ఎండకాలం నీళ్లు తాగే కుంట, ఇప్పపువ్వు ఏరే చెట్లు, జాతర రోజు దిగే చోటు, పాత సమాధులు, ఒక్కొక్క చోట ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. అవన్నీ కలిపి హద్దు గీసి, గ్రామసభలో చదివి, తీర్మానం నకలు మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. నడిచేటప్పుడు ముసలవ్వలను తోలుకపోండి. బాటల పేర్లు వాళ్లకే తెలుసు.