రూబ్రిక్ స్కోర్ల నుంచి ఫైనల్ పర్సెంటేజ్: వెయిటేజీ ఎక్కడ తప్పుతుంది?

ఈ రోజు వీడియోకి కారణం మా పిన్ని కూతురు. తను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అన్నయ్యా, నా ఎక్సెల్ షీట్ ఒకసారి చూడవా, ఇద్దరు స్టూడెంట్స్ వచ్చి మార్కులు తప్పు అంటున్నారు" అంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మార్కులవి. 75 శాతం దాటితే డిస్టింక్షన్. లిస్ట్ అప్పటికే డిపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టేసింది కూడా.

వాళ్ల రూబ్రిక్‌లో నాలుగు అంశాలు ఉన్నాయి. డిజైన్‌కి 40 శాతం వెయిటేజీ, కోడ్‌కి 30, రిపోర్ట్‌కి 20, ప్రెజెంటేషన్‌కి 10. ప్రతి అంశానికీ 1 నుంచి 4 వరకు లెవెల్ ఇస్తారు. 4 అంటే చాలా బాగుంది, 1 అంటే అస్సలు బాలేదు. మొదటి టీమ్‌కి వరుసగా 2, 3, 4, 4 వచ్చాయి. రెండో టీమ్‌కి 4, 3, 3, 2. అంటే మొదటి టీమ్ డిజైన్ అంతంతమాత్రం, కానీ రిపోర్ట్ నీట్‌గా చేసి, స్టేజీ మీద దంచేశారు. రెండో టీమ్‌ది డిజైన్ సూపర్, మాట్లాడటం దగ్గర తడబడ్డారు. ఇలాంటి రెండు టీమ్‌లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి, మా బ్యాచ్‌లో నేను రెండో రకం.

మా చెల్లి ఏం చేసిందంటే, నాలుగూ కూడి 16తో భాగించింది. మొదటి టీమ్‌కి 13 బై 16, అంటే 81.25 శాతం. రెండో టీమ్‌కి 12 బై 16, సరిగ్గా 75. దాటాలన్నారు కాబట్టి వాళ్లకి డిస్టింక్షన్ పోయింది. ఇక్కడ వెయిటేజీ ఎక్కడుంది? లేదు. షీట్ పైన రాసి ఉంది కానీ లెక్కలోకి రాలేదు. కూడి భాగించడమంటే నాలుగు అంశాలకీ తలా 25 శాతం ఇచ్చినట్టే. 10 శాతం అనుకున్న ప్రెజెంటేషన్ 25 అయింది, 40 అనుకున్న డిజైన్ కూడా 25కి పడిపోయింది.

సరైన పద్ధతి ఇది. ఒక్కో అంశంలో వచ్చిన స్కోర్‌ని ఆ అంశం గరిష్ఠ స్కోర్‌తో ముందు భాగించాలి. తర్వాత దాని వెయిటేజీతో గుణించాలి. చివర్లో అన్నీ కూడాలి. మొదటి టీమ్‌కి డిజైన్‌లో 2 బై 4, అంటే సగం, 40లో సగం 20. కోడ్‌లో 3 బై 4, 30లో ముప్పావు వంతు 22.5. రిపోర్ట్‌కి పూర్తి 20, ప్రెజెంటేషన్‌కి పూర్తి 10. మొత్తం 72.5. రెండో టీమ్‌కి 40, 22.5, 15, 5. మొత్తం 82.5. చూశారా, వరుసే తారుమారైంది. డిస్టింక్షన్ రెండో టీమ్‌ది.

షీట్‌లో రెండో వరుసలో వెయిటేజీలు, మూడో వరుసలో గరిష్ఠ స్కోర్లు, నాలుగో వరుస నుంచి స్టూడెంట్స్ ఉన్నారనుకోండి. ఫార్ములా ఇది:

```
=SUMPRODUCT(B4:E4/B$3:E$3, B$2:E$2)/SUM(B$2:E$2)
```

సెల్ ఫార్మాట్‌ని పర్సెంటేజ్ పెట్టుకుంటే 72.5% అని కనిపిస్తుంది. గరిష్ఠ స్కోర్‌తో భాగించడం ఎందుకంటే, రేపు ఎవరో రిపోర్ట్‌ని 4కి కాకుండా 20కి దిద్దుతారు. భాగించకుండా నేరుగా 20 శాతంతో గుణిస్తే, పాపం డిజైన్‌కి ఎంత వెయిటేజీ ఉన్నా ఆ రిపోర్టే మొత్తం మింగేస్తుంది.

ఇందులో డాలర్ గుర్తు మర్చిపోకండి. మా చెల్లికి నేను ఫార్ములా ఫోన్‌లో చెబితే డాలర్లు లేకుండా టైప్ చేసి కిందికి లాగింది. మొదటి టీమ్‌కి 72.5 కరెక్ట్‌గానే వచ్చింది. రెండో టీమ్‌కి 106.25 వచ్చింది! ఎందుకంటే లాగినప్పుడు వరుసలన్నీ ఒక మెట్టు కిందికి జారాయి. వెయిటేజీల స్థానంలోకి గరిష్ఠ స్కోర్లు వచ్చాయి, గరిష్ఠ స్కోర్ల స్థానంలోకి మొదటి టీమ్ మార్కులు వచ్చాయి. ఒకళ్ల మార్కుల్ని ఇంకొకళ్ల మార్కులతో భాగించడం అన్నమాట. ఇక్కడ వంద దాటింది కాబట్టి దొరికింది. 80 అని వచ్చుంటే ఎవరూ చూసేవాళ్లు కాదు.

అందుకే నేను చేసే టెస్ట్ ఒకటుంది. లిస్ట్ చివర, అందరి కింద, ఒక డమ్మీ స్టూడెంట్‌ని పెట్టి అన్నిట్లో ఫుల్ స్కోర్ వేయండి. కచ్చితంగా 100 రావాలి. పైన కాదు, చివర పెట్టాలి, ఎందుకంటే జారుడు బయటపడేది కిందే. వెయిటేజీలు కూడితే 100 వస్తుందో లేదో విడిగా చూసుకోండి. ఫార్ములా వాటి మొత్తంతో భాగిస్తుంది కాబట్టి 30 బదులు 3 అని టైప్ చేసినా డమ్మీకి 100 వస్తుంది, తప్పు దాక్కుంటుంది.

ఇప్పుడు అన్నిట్లో 1 ఉన్న ఇంకో డమ్మీ పెట్టండి. 25 శాతం వస్తుంది. ఇది ఫార్ములా తప్పు కాదు, స్కేల్ స్వభావం. 1 నుంచి మొదలయ్యే స్కేల్‌లో, కాయితం మీద పేరు ఒక్కటే రాసి ఇచ్చినా పావు వంతు మార్కులు పడతాయి. కొందరు దీన్ని సరిచేయడానికి స్కోర్‌లోంచి 1 తీసేసి 3తో భాగిస్తారు. అలా చేస్తే మన మొదటి టీమ్‌కి 63.33, రెండో టీమ్‌కి 76.67 వస్తాయి. అవే స్కోర్లు, అదే వెయిటేజీ, మొదటి టీమ్‌కి తొమ్మిది మార్కుల తేడా! రెండిట్లో ఏది కరెక్ట్ అంటే, లెక్క చెప్పలేదండి. 1 అనే లెవెల్‌కి రూబ్రిక్‌లో ఏం రాసి ఉందో చూడాలి. "ప్రయత్నం చేశారు, లోపాలున్నాయి" అని ఉంటే 25 ఇవ్వడం న్యాయమే. "సమర్పించలేదు" అని ఉంటే అది సున్నా కావాలి. ఏదైనా దిద్దకముందే పిల్లలకి చెప్పాలి. మార్కులు చూశాక పద్ధతి మారిస్తే ఎవరు ఊరుకుంటారు?

ఇంకొక్కటి, ఖాళీ సెల్. ఒక టీమ్ ప్రెజెంటేషన్ రోజు ఎగ్జామినర్ రాలేదు, అది రద్దయింది. పై ఫార్ములా ఖాళీని సున్నాగా తీసుకుని, వాళ్ల తప్పు లేకుండానే 10 మార్కులు కోసేస్తుంది. అప్పుడు మిగిలిన 90తోనే భాగించాలి:

```
=SUMPRODUCT(B4:E4/B$3:E$3*B$2:E$2)/SUMPRODUCT((B4:E4<>"")*B$2:E$2)
```

రెండో టీమ్‌కి ప్రెజెంటేషన్ తీసేస్తే 77.5 బై 90, అంటే 86.11 శాతం. ఇది వాడితే మాత్రం ఒక క్రమశిక్షణ కావాలి. స్టూడెంట్ కావాలని రాకపోతే 0 టైప్ చేయాలి, మినహాయింపు ఇస్తేనే ఖాళీ వదలాలి. AB అని టైప్ చేస్తే #VALUE! ఎర్రర్ వస్తుంది. నాకైతే అదే మేలనిపిస్తుంది, కనీసం ఎవరో ఒకరు ఆగి చూస్తారు.

మా చెల్లి మర్నాడు పొద్దున సవరించిన లిస్ట్ పెట్టింది. మొదటి టీమ్ వాళ్లని ముందే స్టాఫ్ రూమ్‌కి పిలిచి, వెయిటేజీ ఉన్న కాయితం ముందు పెట్టి, 20 ప్లస్ 22.5 అంటూ వాళ్ల చేతే కూడించిందట. డిజైన్‌కి 2 ఎందుకు వచ్చిందని మాత్రం అరగంట వాదించారట.