చాట్‌బాట్ గుమ్మంలో కాపలా



బ్యాంకు చాట్‌బాట్‌కు వచ్చే ప్రతి సందేశాన్నీ ముందు ఒక చిన్న మోడల్ చదివి, అది తిట్టు అనిపించేకొద్దీ సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది. మనం పెట్టిన హద్దు దాటితే సందేశం ఆగిపోతుంది.

చిక్కంతా ఆ హద్దు దగ్గరే. రోజుకు వచ్చే 10,000 సందేశాల్లో 100 తిట్లు అనుకుందాం. హద్దు 0.5 అయితే 90 తిట్లతోపాటు, మంచి సందేశాల్లో నూటికి రెండు ఆగాయనుకోండి. రెండేగా అనిపిస్తుంది, కానీ అవి 198! ఆగిన 288లో మూడింట రెండు వంతులకు పైగా ఏ తప్పూ లేనివే.

ఎవరివి అవి? మన దీవుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో `ma ayya chachipoyadu, FD evariki vastadi` అని అడిగిందనుకోండి. ఇలాంటి తెలుగు పెద్దగా చదవని మోడల్‌కు అందులో "చచ్చిపో" అనే తిట్టే కనిపించవచ్చు. తండ్రి పోయిన పిల్లకు "మర్యాదగా మాట్లాడండి" అని జవాబు వెళ్తుంది.

హద్దు 0.9కి పెంచితే ఈ బాధ తగ్గుతుంది, కానీ తిట్లు ఎక్కువ జారిపోతాయి. అందుకే నేను రెండు హద్దులు కావాలంటాను. 0.9 దాటినవి ఆపి, శాఖ ఫోన్ నంబరు చూపించాలి. 0.5కీ 0.9కీ మధ్యవి చాట్‌బాట్‌కు వెళ్లనిచ్చి, తర్వాత మనిషి చూడాలి. ఆపినవాటిలోంచీ వారానికి ఓ వంద తీసి, ఆ యాస తెలిసిన మన ఉద్యోగులే చదవాలి.