వేట విరామం, పంట విరామం: ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

నేను బడిపంతుల్ని, కాబట్టి ఈ పది నిమిషాలూ ఒక లెక్క తీసుకుని చేయి చూపిస్తాను. లెక్క మన కోనసీమదే.

2011 సార్వాలో మన రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాల్లో ఊడ్పులు మానేశారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కోనసీమ జిల్లా ఏర్పడిన ఏడాదే, అంటే 2022 సార్వాలో, మళ్ళీ అదే మాట లేచింది. పెట్టుబడి పెరిగింది, ధర అందలేదు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి అన్నారు. ఆ రోజుల్లో టీ కొట్ల దగ్గర నేను తరచుగా విన్న వాదన ఒకటుంది. "అంతర్వేదిలో, ఓడలరేవులో వేట ఆపితే మత్స్యకారులకు సర్కారు భృతి ఇస్తోంది కదా, మనం సాగు ఆపితే మనకెందుకివ్వదు?"

వినగానే సబబుగానే ఉంటుంది. అయితే పోలిక మీద నిలబడే వాదన బరువు మోస్తుందో లేదో ఊపి చూడాలి. నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఇది. రెండింటి మధ్య తేడాలు ఒక్కొక్కటే తీసుకుని, ఈ తేడా లేకపోతే మన తీర్పు మారుతుందా అని అడగాలి. మారకపోతే ఆ తేడాను పక్కన పెట్టేయొచ్చు. మారితే అక్కడే ఆగాలి.

ముందు వేట సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ప్రభుత్వమే ఆపుతుంది. అందుకు ఇచ్చే భృతి 2022లో పది వేలు, 2025లో ఇరవై వేలు. అది పడవ యజమానికే కాదు, పడవ ఎక్కే కళాసీలకు కూడా అందుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక తేడాలు. ఒకటి నీళ్ళ మీద పని, ఒకటి నేల మీద పని. దీనితో తీర్పు మారదు. ఒకరు పట్టేది చేప, ఒకరు పండించేది ధాన్యం. అదీ మారదు. "రైతు అన్నదాత, విరామం అనకూడదు" అనేవారున్నారు. అది గౌరవమే గానీ, నష్టానికి పండించమనడానికి సరిపోదు.

ఆగవలసిన తేడా మరొకటి. మత్స్యకారుడికి వేట మానే ఇష్టం లేదు, ఆజ్ఞ వచ్చింది కాబట్టి మానాడు. భృతి ఇవ్వడానికి కారణమే అది. రైతు మాత్రం తానే నిర్ణయించుకున్నాడు. కష్టం తెలియక అనడం లేదు, ధరా మురుగూ తరిమితేనే అలా నిర్ణయించాడు. అయినా ఆజ్ఞకూ ఒత్తిడికీ తేడా ఉంది. ఆ ఆజ్ఞే లేకపోతే మత్స్యకారుడికి భృతి అడిగే ఆధారం కూడా చాలావరకు పోతుంది కదా! అంటే రైతుకు ఈ పోలిక బలహీనం. ఆయన అడగాల్సింది గిట్టుబాటు ధర, కాలువల పూడికతీత. వాటికి వేరే వాదనలున్నాయి, వాటి బలం వాటికుంది.

అయితే ఇదే పోలికను రైతు మీద నుంచి తీసి ఊడ్పుల కూలీ మీద పెట్టి చూడండి. కూలీ పంట మానేయలేదు, మానేద్దామా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె పని వేరొకరి నిర్ణయంతో పోయింది. పైన పోలికను పడగొట్టిన తేడా ఆమె దగ్గర కనబడదు. ఆమె పడవ యజమానిలాంటిది కాదు, కళాసీలాంటిది. కళాసీకి అందినది ఆమెకెందుకు అందలేదని అడగొచ్చు. ఆ మాట మాత్రం టీ కొట్టు దగ్గర నేను వినలేదు.

ఇక్కడ కూడా ఊపి చూడాలి, మనకు నచ్చింది కదా అని వదలకూడదు. ఆపింది సర్కారు కాదు గదా, సర్కారును ఎందుకు అడగాలి అంటారు. అది న్యాయమైన ప్రశ్నే. దాంతో సర్కారు మీద హక్కు కొంత పలచబడుతుంది, ఉపాధి హామీ పనులు ఉన్నాయన్న జవాబు కూడా వస్తుంది. కానీ ఆమె అవసరం తగ్గదు. రెండో తేడా జాబితాది. పడవలకు రిజిస్ట్రేషన్ ఉంటుంది కాబట్టి ఎవరెవరు వేటకెళ్తారో లెక్క దొరుకుతుంది. ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. దీనివల్ల సాయం చేయడం కష్టమవుతుందే గానీ, సాయం చేయాలా వద్దా అన్నది మారదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చాలా చర్చలు దారి తప్పుతాయి.

కౌలు రైతు సంగతి మధ్యలో ఉంది. భూయజమాని ఆపమంటే ఆపిన కౌలుదారు కూలీ వైపుకు జరుగుతాడు, తానే ఆపితే రైతు వైపుకు. ఒక్కొక్కరినీ అడిగి తేల్చుకోవలసిందే.

ఈ లెక్క మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. సార్వా ఆగిన ఏడాది మన సంఘం దగ్గరకు సాయానికి దరఖాస్తులు వస్తాయి. పట్టాదారు పాసుపుస్తకం నకలు జతచేయమని మనం అడిగితే, ఆ కాగితం భూమి ఉన్నవాళ్ళకే ఉంటుంది. ఈసారి ఆ వరస తీసేసి, "ఈ సీజన్‌లో ఎవరి చేలో ఊడ్చేవారు?" అని ఒక్క ప్రశ్న పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. జవాబు సరైనదో కాదో ఊళ్ళో మేస్త్రీని అడిగితే తెలిసిపోతుంది.