ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఏం రాయాలి?

"ప్యాకెట్టులోని పొడిని మరిగించి చల్లార్చిన ఒక లీటరు నీటిలో కరిగించి 24 గంటలలోపు వినియోగించవలెను." ఓఆర్ఎస్ సూచనను ఈ ధోరణిలో రాస్తే తప్పేమీ ఉండదు. కానీ విరేచనాలతో వాడిపోయిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి దాన్ని చదువుతూ పని చేయలేదు. అదే ఇలా రాసి చూడండి: చేతులు సబ్బుతో కడుక్కోండి. ప్యాకెట్ మీద నీళ్ల కొలత చూడండి. మరిగించి చల్లార్చిన నీళ్లు అంతే కొలిచి పోయండి. పొడి మొత్తం వేయండి. కరిగేదాకా కలపండి. చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. 24 గంటలు దాటితే పారబోయండి.

కొలతను విడిగా చెప్పడానికి కారణం ఉంది. లీటరు ప్యాకెట్లతో పాటు 200 మిల్లీలీటర్ల చిన్నవీ దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపితే బిడ్డ రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. నీళ్లు ఎక్కువైతే లవణాలు చాలవు.

ఇలా ఆజ్ఞలిస్తే మర్యాదగా ఉండదని కొందరంటారు. "కలపండి"లో మర్యాద ఉండనే ఉంది. పొట్టిగా రాస్తే హెచ్చరికలు జారిపోతాయన్నది మాత్రం ఆలోచించాల్సిన మాటే. అందుకే హెచ్చరికను పొరపాటు జరిగే చోటే పెట్టాలి: "కలిపాక మరిగించకండి." చివర విడిగా మరొకటి: "మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

సూచనలు రాసేవారికి ఒక విన్నపం. అచ్చుకు పంపేముందు, ఎప్పుడూ ఓఆర్ఎస్ కలపని ఒకరికి కాగితం ఇచ్చి కలపమనండి. వాళ్లు ఆగి మళ్లీ చదివిన వాక్యాన్ని తిరగరాయండి.