షేర్లు తాకట్టు పెడితే ఏమవుతుంది?

వడ్డీ సంగతి పెద్దలు ఇదివరకే చెప్పారు. లెక్కలు చెప్పుకునేవాళ్లం కనుక మేము లెక్క వరకే మాట్లాడతాం.

మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి అప్పు తేవడం మన జగ్గయ్యపేట, నందిగామ రైతులకు తెలిసిందే. షేర్ల మీద అప్పూ అలాంటిదే, కాకపోతే ఇక్కడ తాకట్టు సరుకు ధరను అప్పిచ్చినవాడు రోజూ చూస్తాడు. పెద్ద ఫైనాన్సు కంపెనీలు షేర్ల విలువలో సగానికి మించి అప్పు ఉంచరాదని, ధర పడి లోటు వస్తే ఏడు పనిదినాల్లో పూడ్చాలని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది. లోటు పూడ్చమని వచ్చే కబురే మార్జిన్ కాల్. పూడ్చకపోతే అడగకుండానే అమ్మేస్తారు. ఆ అధికారం మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. వెయ్యి రూపాయల షేర్లు వెయ్యి ఉన్నాయి, అంటే 10 లక్షలు. వాటి మీద 5 లక్షలు తెచ్చారు. ధర 800కి పడింది. సరుకు విలువ 8 లక్షలు, దానిలో సగం 4 లక్షలు. లోటు లక్ష. చేతిలో నగదు ఉంటే లక్ష కట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. లేకపోతే ఎన్ని షేర్లు అమ్మాలి? లక్షకు సరిపడా అనుకుంటారు చాలామంది. చాలదు. అమ్మినకొద్దీ అప్పుతోపాటు తాకట్టూ తగ్గుతుంది కదా! రెండు లక్షలకు, అంటే 250 షేర్లు అమ్మితేనే 6 లక్షల సరుకు, 3 లక్షల అప్పు మిగిలి లెక్క కుదురుతుంది. తర్వాత ధర మళ్లీ వెయ్యికి చేరినా మీ దగ్గర ఉండేది 750 షేర్లే. అప్పు పోను మిగిలేది నాలుగున్నర లక్షలు. మొదట మిగులు 5 లక్షలు. ధర తిరిగొచ్చింది, యాభై వేలు మాత్రం రాలేదు. వడ్డీ అదనం.

ఇది చిన్నవాళ్ల కథ మాత్రమే కాదు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబానికి కంపెనీలో వాటా పది శాతం లోపే. అదీ తాకట్టులోకి వెళ్లింది. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, గంటల్లోనే వెనక్కి తగ్గారు. మర్నాడు షేరు దాదాపు 30 శాతం పడింది. అప్పిచ్చినవారు తాకట్టు షేర్లను బజారులో అమ్మసాగారు. అమ్మేవాడు తొందరలో ఉంటే కొనేవాడు ధర తగ్గిస్తాడు, తగ్గిన ధర మరో అమ్మకాన్ని తెస్తుంది. 2009 జనవరి 7న రాజు తన లేఖలో లెక్కల మోసం ఒప్పుకున్నారు. తాకట్టు షేర్లలో చాలాభాగం అప్పులిచ్చినవారు అమ్మేయడమే చివరి దెబ్బ అని అందులోనే రాశారు. మోసానికి కారణం ఆ అమ్మకాలు కావు. అది అంతకు చాలా ముందునుంచే ఉంది. ఆ రోజు షేరు సుమారు 179 నుంచి 40 రూపాయలకు పడిపోయింది.

యజమానుల షేర్లు తాకట్టులో ఉన్న సంగతి అప్పటిదాకా మామూలు మదుపరికి తెలిసే దారి లేదు. ఆ నెలలోనే సెబీ దాన్ని బయటపెట్టడం తప్పనిసరి చేసింది. ఇప్పుడు ప్రతి మూడు నెలలకు కంపెనీలు ఇచ్చే వాటాదారుల పట్టికలో తాకట్టు షేర్లకు వేరే గడి ఉంటుంది. ఏ కంపెనీ షేరు కొనాలన్నా ముందు మేము చూసేది ఆ గడినే.